గ్రీజ్‌మన్ మూడు ప్రయాణాలు: బదిలీ ఒప్పందాల్లో అసలు బేరం ఎక్కడ జరుగుతుంది

2022 ఆగస్టులో స్పెయిన్ లీగ్ మొదలయ్యాక అట్లెటికో మాడ్రిడ్ మ్యాచ్‌లు చూసినవాళ్లకు ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపించింది. జట్టులో అందరికంటే పేరున్న ఆటగాళ్లలో ఒకడైన ఆంటోయిన్ గ్రీజ్‌మన్ బెంచీ మీద కూర్చుంటున్నాడు. గాయం లేదు, ఫామ్ బాగానే ఉంది. 60వ నిమిషం దాటేదాకా కోచ్ డియేగో సిమియోనె ఆయన వైపు చూడటం లేదు. దాటిన రెండు మూడు నిమిషాల్లోనే మైదానంలోకి పంపిస్తున్నాడు. వాలెన్సియా మీద అలాగే వచ్చి మ్యాచ్‌లోని ఏకైక గోల్ కొట్టాడు. సెప్టెంబరు 7న ఛాంపియన్స్ లీగ్‌లో పోర్టో మీద కూడా గంట గడిచాకే వచ్చి, ఇంజురీ టైమ్ 11వ నిమిషంలో గెలుపు గోల్ కొట్టాడు. అయినా తర్వాతి మ్యాచ్‌లో మళ్లీ బెంచీయే.

దీనికి కారణం ఆటలో లేదు, ఆయన్ని కొంతకాలానికి అరువిచ్చిన బార్సిలోనాతో ఏడాది కిందట కుదిరిన లోన్ ఒప్పందంలో ఉంది. గ్రీజ్‌మన్ ఒక మ్యాచ్‌లో 45 నిమిషాలు ఆడితే అది లెక్కలోకి వస్తుంది, అంతకంటే తక్కువైతే రాదు. అందుబాటులో ఉన్న మ్యాచ్‌లలో అలాంటివి సగం అనే హద్దు దాటితే అట్లెటికో 4 కోట్ల యూరోలు కట్టాలి. 60వ నిమిషం తర్వాత వచ్చినవాడు ఎంత ఇంజురీ టైమ్ ఆడినా 45 నిమిషాలకు చేరడు.

ట్రాన్స్‌ఫర్ విండో, రిలీజ్ క్లాజ్, కొనుగోలు షరతుతో లోన్ అనే మూడు మాటలూ ఫుట్‌బాల్ వార్తల్లో రోజూ వినిపిస్తాయి. ఈ మూడూ ఒకే ఆటగాడి కెరీర్‌లో, రెండే క్లబ్బుల మధ్య, మూడేళ్లలో ఎదురైన సందర్భం గ్రీజ్‌మన్‌ది. 2019లో రిలీజ్ క్లాజ్ కట్టి బార్సిలోనా తీసుకెళ్లింది. 2021లో విండో మూసే రాత్రి లోన్ మీద తిరిగొచ్చాడు. 2022లో ఆ లోన్ షరతు మీద రెండు క్లబ్బులూ పట్టుదలకు పోయాయి. ఈ కథను వరుసగా చూస్తే, వార్తల్లో పెద్ద అక్షరాలతో వచ్చే అంకెకన్నా దాని పక్కన చిన్నగా రాసిన తేదీ, షరతు ఎంత బరువైనవో తెలుస్తుంది.

ఒక్క రోజులో 8 కోట్ల తేడా

రిలీజ్ క్లాజ్ అంటే, ఫలానా మొత్తం కడితే ఆటగాడిని పాత క్లబ్బు ఆపలేదని ఒప్పందంలో ముందే రాసుకునే అంశం. అన్ని దేశాల్లో ఇది ఒకేలా ఉండదు. ఇంగ్లాండ్‌లో ఇది ఆటగాడికీ క్లబ్బుకీ మధ్య ఇష్టపూర్వకంగా రాసుకునే మాట, రాసినంతవరకే దానికి బలం. స్పెయిన్‌లో అలా కాదు. అక్కడ దీనికి వెనుక చట్టమే ఉంది. వృత్తి క్రీడాకారుల ఉద్యోగ నిబంధనల మీద 1985లో వచ్చిన 1006వ నంబరు రాజశాసనం ప్రకారం, ఆటగాడు గడువు ముగియకముందే తన ఇష్టంతో ఒప్పందం తెంచుకోవచ్చు, అయితే క్లబ్బుకు పరిహారం కట్టాలి. ఆ పరిహారం ఎంతో కోర్టుకెళ్లి తేల్చుకునే గొడవ లేకుండా అంకెను ముందే రాసేస్తారు. అందుకే స్పెయిన్ క్లబ్బుల ఆటగాళ్లందరికీ ఒక క్లాజ్ మొత్తం కనిపిస్తుంది.

దీంట్లో గమనించాల్సింది, చట్టం దృష్టిలో ఆ డబ్బు కట్టేది కొత్త క్లబ్బు కాదు, ఆటగాడు. కొత్త క్లబ్బు డబ్బు సమకూరుస్తుంది, ఆటగాడి తరఫు లాయర్ దాన్ని లీగ్‌కో పాత క్లబ్బుకో చెల్లిస్తాడు, ఒప్పందం ఏకపక్షంగా రద్దవుతుంది. పాత క్లబ్బు సంతకం అక్కర్లేదు, బేరానికీ చోటు లేదు. 2017 ఆగస్టులో నెయ్‌మార్‌ను పారిస్ సెయింట్ జర్మైన్ తీసుకున్నప్పుడు స్పెయిన్ లీగ్ అయిన లా లిగా 22.2 కోట్ల యూరోలు తీసుకోవడానికి మొదట ఒప్పుకోలేదు. దాంతో ఆయన లాయర్లు నేరుగా బార్సిలోనా కార్యాలయానికే వెళ్లి ఆ మొత్తం చెల్లించారు. ఆ తర్వాత బార్సిలోనా చేతిలో మిగిలింది డబ్బు మాత్రమే.

గ్రీజ్‌మన్ విషయానికొస్తే, 2018 వేసవిలో ఆయన బార్సిలోనాకు వెళ్లకుండా అట్లెటికోలోనే ఉంటానని ప్రకటించి కొత్త ఒప్పందం మీద సంతకం చేశాడు. ఆ ఒప్పందంలో క్లాజ్ 20 కోట్ల యూరోలు. కానీ అది ఎప్పటికీ 20 కోట్లు కాదు. 2019 జులై 1 నుంచి అది 12 కోట్లకు పడిపోతుంది. ఇలా తేదీ పెట్టి తగ్గే క్లాజ్‌లు అరుదేమీ కాదు. ఆటగాడు ఒక ఏడాది ఆగడానికి ఒప్పుకుంటాడు, బదులుగా ఏడాది తర్వాత బయటికి వెళ్లే తలుపు తనకు అందే ఎత్తులో ఉండాలంటాడు. క్లబ్బుకు ఒక సీజన్ గ్యారంటీగా దొరుకుతుంది. రెండు వైపులా ఇది న్యాయమైన బేరమే.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, 2019 మే నెలలోనే గ్రీజ్‌మన్ క్లబ్బు వదిలి వెళ్తున్నానని చెప్పేశాడు. జులై 12న ఆయన లాయర్ లా లిగా కార్యాలయానికి వెళ్లి 12 కోట్ల యూరోలతో ఒప్పందం రద్దు చేశాడు. అదే రోజు అట్లెటికో ఒక ప్రకటన ఇచ్చింది. ఆటగాడికీ బార్సిలోనాకూ మధ్య ఒప్పందం క్లాజ్ తగ్గకముందే కుదిరింది కాబట్టి, కట్టాల్సింది 12 కాదు, 20 కోట్లని దాని వాదన. తేడా 8 కోట్ల యూరోలు. క్యాలెండర్‌లో జూన్ 30కీ జులై 1కీ మధ్య ఉన్నది ఒక్క రాత్రే.

అట్లెటికో కోపంలో అర్థముంది. ఆ తేదీకి ముందే మాటలు జరిగి, సంతకం మాత్రం తర్వాత చేస్తే, 20 కోట్ల క్లాజ్ రాసుకున్న ప్రయోజనమే పోతుంది. కానీ ముందే మాటలు జరిగాయని నిరూపించడం ఒక ఎత్తు, దానివల్ల క్లాజ్ మొత్తం మారుతుందని నిరూపించడం ఇంకో ఎత్తు. ఆ సెప్టెంబరులో స్పెయిన్ ఫెడరేషన్ బార్సిలోనాకు వేసిన జరిమానా 300 యూరోలు. బదిలీ మాత్రం 12 కోట్లకే నిలిచింది. క్లాజ్ రాసేటప్పుడు తేదీ పెట్టిన క్లబ్బు, ఆ తేదీకి ముందు ఆటగాడు వేరే క్లబ్బుతో మాట్లాడితే ఏమవుతుందో కూడా గట్టిగా రాసుకోవాలి. లేకపోతే తర్వాత అడిగే చోటు దొరకదు.

క్లాజ్‌కు ఇంకో ముఖం కూడా ఉంది. కొనే క్లబ్బుకు అది అనుకున్నంత తేలిక కాదు, ఎందుకంటే మొత్తం డబ్బు ఒకేసారి కట్టాలి. మామూలు బదిలీల్లో ఫీజును మూడు నాలుగు ఏళ్లకు వాయిదాలుగా పంచుకుంటారు. అందుకే క్లాజ్ ఉన్నా దాన్ని పక్కనబెట్టి బేరమాడే క్లబ్బులున్నాయి. 2023 జనవరి 31న చెల్సీ, బెన్ఫికా నుంచి ఎంజో ఫెర్నాండెజ్‌ను తీసుకుంది. ఆయన క్లాజ్ 12 కోట్ల యూరోలు. చెల్సీ ఒప్పుకున్నది 12.1 కోట్లు. క్లాజ్ కన్నా ఎక్కువ ఇవ్వడం పైకి తెలివితక్కువగా అనిపిస్తుంది. కానీ ఆ మొత్తాన్ని వాయిదాల్లో కట్టే వెసులుబాటు చెల్సీకి దొరికింది. అదనంగా ఇచ్చిన పది లక్షల యూరోలను ఆ గడువుకు కట్టిన వడ్డీగా చూస్తే లెక్క సరిపోతుంది.

ఇంగ్లాండ్‌లో క్లాజ్ మాటల మీద ఎంత గొడవ అవుతుందో 2013లో లూయిస్ స్వారెజ్ విషయంలో తేలింది. లివర్‌పూల్ ఒప్పందంలో 4 కోట్ల పౌండ్ల ప్రస్తావన ఉందని తెలిసి, ఆర్సెనల్ సరిగ్గా దానికి ఒక్క పౌండు కలిపి ఆఫర్ పంపింది. లివర్‌పూల్ ఆటగాడిని వదల్లేదు. వెనకాల చట్టం లేనిచోట క్లాజ్ అంటే కాగితం మీది వాక్యమే. పాత క్లబ్బు మొండికేస్తే, విండో మూసేలోపు ఆ వాక్యాన్ని కోర్టులో తేల్చుకునేంత సమయం ఎవరికీ ఉండదు.

విండో మూసే రాత్రి

ఆ విండో సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఏడాది పొడవునా ఆటగాళ్లను కొనుక్కునే పద్ధతికి ఫిఫా 2002–03 సీజన్‌తో తెర దించింది. ప్రతి దేశానికీ ఏడాదిలో రెండు నమోదు కాలాలుంటాయి, వీటినే విండోలంటారు. ఒకటి సీజన్ల మధ్య, పెద్దది. రెండోది సీజన్ నడుమ, చిన్నది. రెండూ కలిపి 16 వారాలు మించకూడదు. తేదీలను ఆయా దేశాల ఫెడరేషన్లే పెట్టుకుంటాయి కాబట్టి అన్నిచోట్లా ఒకే రోజున మూయరు. ప్రీమియర్ లీగ్ 2018లోనూ 2019లోనూ సీజన్ మొదలయ్యేలోపే విండో మూసి చూసింది. ఆలోచన మంచిదే, కానీ మిగతా యూరప్ ఆగస్టు చివరిదాకా తెరిచే ఉంది. అంటే ఇంగ్లిష్ క్లబ్బు నుంచి ఆటగాడిని బయటివాళ్లు తీసుకెళ్లవచ్చు, ఆ ఖాళీని నింపుకునే దారి మాత్రం ఇంగ్లిష్ క్లబ్బుకు లేదు. రెండేళ్లకే వెనక్కి తగ్గారు.

విండో అనేది కొనుగోలుకు గడువు అని చాలామంది అనుకుంటారు. నిజానికి అది నమోదుకు గడువు. డబ్బు ఎప్పుడైనా చేతులు మారవచ్చు, ఒప్పందం ఎప్పుడైనా రాసుకోవచ్చు. ఆటగాడి పేరు కొత్త క్లబ్బు జాబితాలోకి ఎక్కడమే ఆ తలుపు మూసేలోపు జరగాలి. దేశాలు మారే బదిలీల్లో ఫిఫా నడిపే ట్రాన్స్‌ఫర్ మ్యాచింగ్ సిస్టమ్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో రెండు క్లబ్బులూ విడివిడిగా వివరాలు నింపాలి. ఫీజు ఎంత, వాయిదాలు ఏ తేదీల్లో, లోనా శాశ్వతమా అనే వివరాలు రెండు వైపులా అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. సరిపోతేనే అంతర్జాతీయ బదిలీ సర్టిఫికెట్ కోసం అడగడం కుదురుతుంది. ఒకరు ఫీజును ఒకలా, ఇంకొకరు ఇంకోలా రాస్తే వ్యవస్థ ముందుకు పోనివ్వదు, దిద్దుకుని మళ్లీ పంపాలి.

ఆ దిద్దుకునే నిమిషాలు ఎంత ఖరీదైనవో 2017 ఆగస్టు 31 రాత్రి లెస్టర్ సిటీకి తెలిసింది. ఆ రోజు తన మిడ్‌ఫీల్డర్ డానీ డ్రింక్‌వాటర్‌ను చెల్సీకి అమ్మింది. ఆ చోటులోకి స్పోర్టింగ్ లిస్బన్ నుంచి అడ్రియెన్ సిల్వాను తీసుకుంది. బేరం కుదిరింది, ఆటగాడు ఒప్పుకున్నాడు, కాగితాలూ వెళ్లాయి. కానీ గడువు దాటి 14 సెకన్లయింది. ఫిఫా ఒప్పుకోలేదు. సిల్వా పోర్చుగల్ క్లబ్బులో లేడు, ఇంగ్లాండ్‌లో ఆడలేడు. 2018 జనవరిలో మళ్లీ విండో తెరిచేదాకా నాలుగు నెలలు శిక్షణతోనే గడిపాడు. లెస్టర్‌లో ఆయన వేసుకున్న చొక్కా నంబరు 14.

అంత దగ్గరికి ఎందుకు రానిస్తారు, పది రోజుల ముందే ముగించుకోవచ్చు కదా అనిపించడం సహజం. దానికి జవాబు 2021 ఆగస్టు 31 రాత్రి కనిపిస్తుంది. బార్సిలోనా అప్పటికి పీకల్లోతు ఇబ్బందుల్లో ఉంది. లా లిగా పెట్టిన జీతాల పరిమితి దాటిపోవడంతో అదే నెల లియొనెల్ మెస్సీతో కొత్త ఒప్పందం నమోదు చేయలేక వదులుకుంది. గ్రీజ్‌మన్ జీతం కూడా చాలా పెద్దది. ఆయన వెళ్తే ఊపిరి పీల్చుకోవచ్చు. కానీ ఆయన స్థానంలో ఒక ఫార్వర్డ్ కావాలి. అటు అట్లెటికోకు గ్రీజ్‌మన్ కావాలి, కానీ ఎవరో ఒకరు బయటికి వెళ్తేనే జీతాల్లో చోటు దొరుకుతుంది.

చివరికి జరిగిందేమిటంటే, అట్లెటికో మిడ్‌ఫీల్డర్ సౌల్ చెల్సీకి వెళ్లాడు. గ్రీజ్‌మన్ అట్లెటికోకు వచ్చాడు. సెవియ్యా నుంచి లూక్ డి యాంగ్ బార్సిలోనాకు వచ్చాడు. ఒకే రాత్రి మూడు బదిలీలు. మూడూ లోన్లే, మూడింటికీ చివర్లో కొనుగోలు మాట ఉంది. గొలుసులో ఒక లంకె వదులైతే మిగతావీ ఊడిపోతాయి. అందుకే ఎవరూ ముందుగా సంతకం పెట్టరు. అవతలివాడు ఖాయమైతేనే తానూ ఖాయమంటాడు. గడువు లేకపోతే ఈ ఎదురుచూపు నెలల తరబడి సాగేది. గడువు ఉండటం వల్లే ఆ రాత్రి అందరూ ఒకేసారి కదిలారు. టెన్షన్‌తో కూడిన ఆ చివరి గంటలను కొందరు నిర్వహణ లోపంగా చూస్తారు. ఎక్కువసార్లు అది లోపం కాదు, అమ్మేవాడి ధర తగ్గేది ఆ గంటల్లోనే కాబట్టి కొనేవాడు కావాలనే ఆగుతాడు.

కొనొచ్చు, కొనాలి, షరతు నెరవేరితే కొనాలి

లోన్ చివర ఉండే కొనుగోలు మాట మూడు రకాలు. మొదటిది కొనుగోలు హక్కు. లోన్ తీసుకున్న క్లబ్బు ఇష్టమైతే ముందే రాసుకున్న ధరకు కొనుక్కోవచ్చు, వద్దంటే ఆటగాడు వెనక్కి వెళ్తాడు. రెండోది తప్పనిసరి కొనుగోలు. లోన్ అన్నది పేరుకే, డబ్బు కట్టే తేదీ మాత్రం వచ్చే ఏడాదికి పోతుంది. మూడోది షరతు మీద తప్పనిసరి. ఇన్ని మ్యాచ్‌లు ఆడితే, లేదా జట్టు ఫలానా లీగ్‌లో నిలిస్తే కొనాలి. వార్త చదివేటప్పుడు ఈ మూడింటిలో ఏదో తెలుసుకోకుండా ధర గురించి మాట్లాడితే ఉపయోగం లేదు.

ఆ రాత్రి వెళ్లిన సౌల్, డి యాంగ్ ఇద్దరివీ మొదటి రకం. చెల్సీ సౌల్‌ను కొనలేదు, బార్సిలోనా డి యాంగ్‌ను కొనలేదు. 2022లో ఇద్దరూ తిరిగి వచ్చారు. కొనుగోలు హక్కు తీసుకునేవాడికి ఎంత అనుకూలమో ఇక్కడే తెలుస్తుంది. ఆటగాడు రాణిస్తే పాత ధరకే దొరుకుతాడు, రాణించకపోతే పంపేయొచ్చు. రిస్క్ అంతా ఇచ్చే క్లబ్బుదే. ఆటగాడు తిరిగొచ్చేటప్పటికి ఏడాది పెద్దవాడవుతాడు, ఒప్పందంలో ఒక ఏడాది కరిగిపోతుంది, వద్దనిపించుకున్న ముద్ర కూడా పడుతుంది. ముందుసారి అడిగినంత ధర ఇక రాదు.

బార్సిలోనాకు ఈ అనుభవం అప్పటికే ఉంది. 2019లో ఫిలిప్ కుటీన్యోను బాయెర్న్ మ్యూనిక్‌కు లోన్ ఇచ్చింది. లోన్ ఫీజు 85 లక్షల యూరోలు, జీతం బాయెర్న్‌ది, కొనుగోలు హక్కు ధర 12 కోట్లు. ఆ ధరకు బాయెర్న్ కొంటుందని ఎవరూ గట్టిగా నమ్మలేదు. ఇలాంటి పెద్ద అంకెలు చాలాసార్లు కొనేవాడి కోసం పెట్టినవి కావు. మా ఆటగాడి విలువ ఇంకా ఇంత అని లెక్కల పుస్తకానికీ అభిమానులకూ చెప్పుకోవడానికి పెట్టినవి. 2020 ఆగస్టులో ఛాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్‌లో బాయెర్న్ 8–2తో బార్సిలోనాను ఓడించింది. ఆ ఎనిమిదిలో చివరి రెండు గోల్స్ కుటీన్యోవి. యూరోపియన్ పోటీల్లో లోన్ ఆటగాడు సొంత క్లబ్బు మీద ఆడకుండా ఆపే షరతులను యూరప్ ఫుట్‌బాల్ సంఘం యుయెఫా ఒప్పుకోదు. ఆ తర్వాత ఆయన తిరిగి బార్సిలోనాకే వచ్చాడు.

గ్రీజ్‌మన్‌ది మూడో రకం, షరతు మీద తప్పనిసరి. ఇది ఎందుకు అవసరమైందో చూడటానికి బార్సిలోనా లెక్కల పుస్తకం తెరవాలి. క్లబ్బు ఆటగాడిని కొన్నప్పుడు ఆ ఫీజును ఒకే ఏడాది ఖర్చుగా రాయదు. ఒప్పందం ఎన్నేళ్లో అన్ని ముక్కలు చేసి ఏటా ఒక ముక్క రాస్తుంది. గ్రీజ్‌మన్ ఒప్పందం 2024 జూన్ దాకా, అంటే ఐదేళ్లు. ఏజెంట్ల ఖర్చులు పక్కనబెట్టి చూస్తే, 12 కోట్లను ఐదుతో భాగిస్తే ఏడాదికి 2.4 కోట్లు. రెండేళ్లు గడిచిన 2021 వేసవికి 4.8 కోట్లు ఖర్చు రాసేశారు, పుస్తకంలో ఇంకా 7.2 కోట్లు మిగిలింది.

ఆ రోజు ఆయన్ని 4 కోట్లకు శాశ్వతంగా అమ్మేసి ఉంటే, 7.2 కోట్ల వస్తువు 4 కోట్లకు పోయినట్టు. 3.2 కోట్ల నష్టం అదే ఏడాది లెక్కలో పడుతుంది. ఆ పరిస్థితిలో బార్సిలోనా భరించలేని దెబ్బ అది. లోన్ ఇస్తే ఆటగాడు కాగితం మీద ఇంకా బార్సిలోనావాడే. ఏటా 2.4 కోట్లు మామూలుగా తగ్గుతూ పోతుంది. 2022 వేసవికి పుస్తక విలువ 4.8 కోట్లు, 2023 వేసవికి 2.4 కోట్లు. లోన్ ఒక ఏడాది, కావాలంటే ఇంకో ఏడాది పొడిగింపు అన్నారు. రెండేళ్ల తర్వాత అదే 4 కోట్లు వస్తే 1.6 కోట్ల లాభంగా రాసుకోవచ్చు. ధర మారలేదు. అమ్మిన తేదీ మారింది, నష్టం లాభమైంది. ఈలోపు జీతం అట్లెటికోది.

అయితే పూర్తి తప్పనిసరి కొనుగోలే రాసుకుంటే సరిపోయేది కదా అంటే, రాయవచ్చు. కానీ కొనడం ఖాయమని ముందే తెలిసిపోతే ఆడిటర్లు దాన్ని లోన్‌గా చూడకుండా అప్పుడే అమ్మకం జరిగినట్టు రాయమనవచ్చు. కొనే క్లబ్బుకూ అదే సమస్య, ఖర్చు వెంటనే పుస్తకానికెక్కుతుంది. అందుకే మధ్యలో ఒక షరతు పెడతారు. తేలిగ్గా నెరవేరేదిగా ఉండాలి, కానీ నూరు శాతం ఖాయం అనిపించకూడదు. గ్రీజ్‌మన్ స్థాయి ఆటగాడు అందుబాటులో ఉన్న మ్యాచ్‌లలో సగం మ్యాచ్‌లలో 45 నిమిషాలైనా ఆడడా? ఆడతాడనే అందరూ అనుకున్నారు.

పత్రికల్లో వచ్చిన లెక్క ప్రకారం తొలి సీజన్‌లో అందుబాటులో ఉన్న 37 మ్యాచ్‌లలో 30 మ్యాచ్‌లలో ఆయన 45 నిమిషాలు దాటాడు. అంటే ఎనభై శాతం. ఇక్కడే రెండు క్లబ్బులూ షరతును అర్థం చేసుకున్న తీరు వేరైంది. హద్దు ఇప్పటికే దాటింది కాబట్టి 4 కోట్లు ఖాయమని బార్సిలోనా వైపు వాదన. రెండేళ్లూ కలిపి చూడాలని అట్లెటికో వైపు వాదన. రెండో వాదనే నిజమనుకుని లెక్కేస్తే సిమియోనె చేసిన పని అర్థమవుతుంది. రెండో సీజన్‌లో 40 మ్యాచ్‌లు అనుకుందాం. మొత్తం 77. అందులో సగం 38న్నర. ఇప్పటికే 30 ఉన్నాయి. ఇంకో 9 మ్యాచ్‌లలో 45 నిమిషాలు దాటితే హద్దు దాటినట్టే. కాబట్టి సీజన్ మొత్తం మీద ఎనిమిదికి మించనివ్వకూడదు. పెద్ద మ్యాచ్‌ల కోసం ఆ ఎనిమిదినీ దాచుకోవాలంటే మొదటి వారాల్లో 60వ నిమిషం దాకా బెంచీ తప్పదు.

దీంట్లో నలిగిపోయింది ఆటగాడు. షరతు రాసింది రెండు క్లబ్బులు, దాని బరువు మోసింది ఆయన. తొలి ఏడాది బాగా ఆడినందువల్లే రెండో ఏడాది కూర్చోవాల్సి వచ్చింది. ఆడిన మ్యాచ్‌లను కొలబద్దగా పెట్టే షరతులన్నిటిలో ఈ లోపం ఉంది. కొలిచే కర్ర కొనేవాడి చేతిలోనే ఉంటుంది. ఎవరు ఎన్ని నిమిషాలు ఆడాలో నిర్ణయించేది లోన్ తీసుకున్న క్లబ్బు కోచ్. జట్టు స్థానం మీదో, లీగ్‌లో నిలవడం మీదో షరతు పెడితే అలా తిప్పడం కష్టం, ఎందుకంటే 4 కోట్లు మిగుల్చుకోవడానికి ఏ క్లబ్బూ కావాలని మ్యాచ్‌లు ఓడిపోదు. అమ్మే క్లబ్బు మ్యాచ్‌ల షరతుకు ఒప్పుకుంటే, ఏ సీజన్‌కు ఆ సీజన్ లెక్కా, మొత్తం కలిపా, గాయపడిన మ్యాచ్‌లు తీసేయాలా అన్నది ఒక ఉదాహరణ లెక్కతో సహా రాసుకోవాలి.

అట్లెటికో వైపు నుంచి చూసినా ఇది తేలిక నిర్ణయం కాదు. మెరుగైన ఆటగాడిని గంటసేపు బెంచీ మీద పెట్టి పోయే పాయింట్ల విలువ ఎంత? అప్పట్లో ఛాంపియన్స్ లీగ్ గ్రూపులో ఒక్క గెలుపుకే యుయెఫా లక్షల యూరోలు ఇచ్చేది. షరతును తప్పించుకోవడానికి చేసే ఖర్చు కనపడదు కాబట్టి లేదనుకోవడం పొరపాటు. అయినా ఈ ఒత్తిడి బార్సిలోనా మీదే ఎక్కువ పనిచేసింది. దానికి అప్పటికప్పుడు డబ్బు కావాలి. కోర్టుకెళ్తే నెలలు పడుతుంది. ఓడితే 32 ఏళ్లు దాటిన ఆటగాడు, పెద్ద జీతం, ఏడాదే మిగిలిన ఒప్పందం తిరిగి ఒళ్లోకి వచ్చిపడతాయి.

2022 అక్టోబరు 10న రెండు క్లబ్బులూ శాశ్వత బదిలీ ప్రకటించాయి. గ్రీజ్‌మన్ 2026 దాకా అట్లెటికోతో ఒప్పందం కుదుర్చుకున్నాడు. విండో అప్పటికే మూసి ఉంది, కానీ అడ్డు కాలేదు, ఆటగాడు అట్లెటికోలోనే నమోదై ఉన్నాడు కాబట్టి కొత్తగా నమోదు అక్కర్లేదు. పత్రికలన్నీ రాసిన ఫీజు సుమారు 2 కోట్ల యూరోలు, పైన కొంత ప్రదర్శనను బట్టి. ముందు చెప్పిన సాదా లెక్క ప్రకారం ఆ రోజుకు బార్సిలోనా పుస్తకంలో ఇంకా 4.2 కోట్ల దాకా మిగిలి ఉండాలి. అంటే 2 కోట్లకు పైగా నష్టం. కానీ 2021లో అమ్మితే పడే 3.2 కోట్ల కన్నా అది తక్కువ. పైగా ఈలోపు ఏడాదికి పైగా జీతం మిగిలింది, ఇకముందు జీతం కూడా పుస్తకంలో లేదు.

ఇలాంటి లోన్లు విచ్చలవిడిగా వాడకుండా ఫిఫా అదే ఏడాది, 2022 జులై 1 నుంచి, అంతర్జాతీయ లోన్ల మీద పరిమితి తెచ్చింది. ఒక క్లబ్బు బయటికి ఇచ్చేవీ బయటినుంచి తెచ్చుకునేవీ విడివిడిగా మొదట ఎనిమిది, తర్వాత ఏడు, 2024 జులై నుంచి ఆరు. 21 ఏళ్లలోపు ఉండి క్లబ్బే పెంచిన ఆటగాళ్లకు ఈ లెక్క వర్తించదు. లోన్ ఒక ఏడాదికి మించి రాసుకోకూడదు. పదుల సంఖ్యలో కుర్రాళ్లను కొని చుట్టూ తిప్పే క్లబ్బులకు ఇది నిజంగానే కళ్లెం. గ్రీజ్‌మన్ లాంటి లోన్‌ను మాత్రం ఇది తాకదు. ఒకే దేశంలోని రెండు క్లబ్బుల మధ్య, సంఖ్యలో ఒక్కటే.

అక్టోబరు తర్వాత 45 నిమిషాల లెక్క ఎవరికీ అక్కర్లేకపోయింది. గ్రీజ్‌మన్ మొదటి నిమిషం నుంచే ఆడాడు. ఆ సీజన్ ముగిసేసరికి స్పెయిన్ లీగ్‌లో ఆయన గోల్స్ 15, అందరికంటే ఎక్కువ అసిస్ట్‌లూ ఆయనవే.